సగం పేర్లు లేని బొమ్మలు: జీర్ణ, నాడీ వ్యవస్థల పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతి జీవశాస్త్రం చెబుతాను. యూనిట్ పరీక్ష అయిన సాయంత్రం నా ఫోను ప్రశ్నపత్రాల ఫొటోలతో నిండిపోతుంది. ఈసారి వచ్చినవన్నీ ఒకే పేపరువి. అందులో రెండు బొమ్మలున్నాయి. మొదటిది జీర్ణవ్యవస్థ: ఆహారవాహిక, జీర్ణాశయం, పెద్దప్రేగు అనే మూడు పేర్లు అచ్చయి ఉన్నాయి, 1 నుంచి 4 వరకు నాలుగు గీతల దగ్గర అంకెలే ఉన్నాయి. రెండోది వెన్నుపాము అడ్డుకోత: ‘బూడిదరంగు పదార్థం’ అన్న ఒక్క పేరు ఇచ్చి 5, 6, 7 ఖాళీగా వదిలారు. వాటి కింద నాలుగు లఘు ప్రశ్నలు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

కాలేయం కుడివైపు ఉంటుందని పాఠంలో ఉంది. బొమ్మలో ఎడమవైపు ఉంది. బొమ్మ తప్పా, ఫొటో తిరగబడిందా?

రెండూ కాదు. శరీర నిర్మాణం బొమ్మను ఎదుట నిలబడిన మనిషిని చూస్తున్నట్టు గీస్తారు. మీకు ఎదురుగా ఉన్నవారి కుడిచేయి మీ ఎడమవైపే కదా. అందుకే కాలేయం కాగితం మీద ఎడమకు, జీర్ణాశయం ఉబ్బు కుడికి వస్తాయి. అపెండిసైటిస్ నొప్పి పొట్టలో కుడివైపు కింద వస్తుందని ఇంట్లో పెద్దలకు తెలుసు. బొమ్మలో ఆ భాగం ఎడమవైపు కింద కనిపిస్తే బొమ్మ సరిగా ఉన్నట్టే.

ఫొటో అద్దంలోలా తిరగబడిందేమో అన్న అనుమానం ఉంటే అచ్చయిన పేర్లు చదవండి. అక్షరాలు సవ్యంగా ఉంటే ఫొటో కూడా సవ్యంగానే ఉంది.

1, 2 అంకెల్లో ఏది పిత్తాశయం, ఏది క్లోమం? మా అబ్బాయి 1కి క్లోమం, 2కి పిత్తాశయం అని రాశాడు.

తారుమారు చేశాడు. ఈ పేపరులో ఎక్కువమంది చేసిన తప్పు ఇదే. దీనికి ఫొటో కూడా కొంత కారణం. చాలా ఫొటోల్లో కాగితం మడత సరిగ్గా జీర్ణాశయం కింద పడింది. 2వ గీత ఆ మడతలోకి వెళ్లి ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. అలాంటప్పుడు గీతను నమ్ముకోకుండా అవయవం ఆకారాన్నీ, దాని చుట్టూ ఏమున్నాయో చూడాలి.

పిత్తాశయం చిన్న సంచి. బేరిపండులా ఉండి కాలేయం కుడి తమ్మె అడుగున అతుక్కుని ఉంటుంది. సుమారు 30 నుంచి 50 మిల్లీలీటర్ల పైత్యరసం పడుతుంది. బొమ్మలో కాలేయం అంచు కిందనుంచి కొంచెం బయటికి తొంగిచూసే గుండ్రటి కొస అదే. సాధారణంగా దానికి ఆకుపచ్చ రంగు వేస్తారు కానీ నలుపు తెలుపు జిరాక్సులో ఆ ఆనవాలు పోతుంది.

క్లోమం సంచి కాదు. పొడవాటి ఆకులా ఉంటుంది. జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకుని, దాని తల భాగం ఆంత్రమూలం వంపులో ఇరుక్కుని ఉంటుంది. చిన్నప్రేగు మొదట్లో అర్ధచంద్రాకారంలో ఒక వంపు ఉంటుంది చూడండి, ఆ వంపు ఒడిలో ఉన్నదే క్లోమం. కాలేయానికి ఆనుకుని ఉంటే పిత్తాశయం, ప్రేగు వంపులో ఉంటే క్లోమం. మడతపడిన ఫొటోలో కూడా ఈ రెండు ఆనవాళ్లు కనిపిస్తాయి. కనుక 1 పిత్తాశయం, 2 క్లోమం.

3వ గీత దగ్గర ‘చిన్నప్రేగు’ అని రాస్తే మార్కు ఇస్తారా?

నేనైతే సగం ఇస్తాను. గీత ఆగింది పైన చెప్పిన అర్ధచంద్రాకారపు వంపు మీద. అది చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలం, పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. చిన్నప్రేగు మొత్తం ఆరు మీటర్ల దాకా ఉంటుంది కనుక ‘చిన్నప్రేగు’ అన్నది అబద్ధం కాదు. అయితే ప్రశ్న పెట్టినవారు ఆ గీతను మెలికలు తిరిగిన మధ్య భాగం మీద వేయకుండా ఏరికోరి ఆ వంపు మీదే వేశారు. పైత్యరస నాళం, క్లోమ నాళం కలిసి తెరుచుకునే చోటు అది. కింది లఘు ప్రశ్నల్లో ఒకటి పైత్యరసం మీదే ఉంది కాబట్టి వారి ఉద్దేశం స్పష్టమే.

4కి పురీషనాళం అని రాశాను సార్. ఎందుకు తప్పు?

పురీషనాళం బొమ్మ అడుగున నడిమధ్యలో, పాయువుకు సరిగ్గా పైన ఉంటుంది. 4వ గీత చూపేది ఎడమవైపు కింద, పెద్దప్రేగు మొదలయ్యే చోట, వానపాములా వేలాడే చిన్న తోక. అది ఉండూకం. చిన్నప్రేగు వచ్చి పెద్దప్రేగు పక్కన గుచ్చుకునే చోటు కనిపెట్టి, అక్కడినుంచి వేలు కిందికి జరిపితే అది దొరుకుతుంది. పిల్లలు ‘కింద ఉంది, గొట్టంలా ఉంది’ అని చూసి పురీషనాళం అనేస్తారు. బొమ్మలో భాగాలను ఆహారం నడిచే వరుసలో వేలితో అనుసరించి ఉంటే ఆ తప్పు జరగదు. పెద్దప్రేగు పైకి లేచి, అడ్డంగా వెళ్లి, కిందికి దిగాకే పురీషనాళం వస్తుంది.

ఆ లెక్కన ఆహారం కాలేయం, క్లోమం గుండా కూడా వెళ్తుందా?

వెళ్లదు. అవి గ్రంథులు. తమ రసాలను నాళాల ద్వారా ప్రేగులోకి పంపుతాయి, అంతే. నమిలిన ముద్ద వాటి లోపలికి ఎన్నడూ పోదు. జీర్ణమై రక్తంలో కలిసిన పోషకాలు మాత్రం ప్రేగులనుంచి కాలేయానికి చేరతాయి. ఆ ప్రయాణం రక్తనాళంలో, ఆహారనాళంలో కాదు.

‘పైత్యరసంలో ఎంజైములు లేవు. అయినా కొవ్వుల జీర్ణక్రియకు అది అవసరం. ఎందుకు?’ దీనికి రెండు వాక్యాల్లో జవాబు ఎలా రాయాలి?

ఇలా రాస్తే చాలు: ‘పైత్యరసంలోని లవణాలు పెద్ద కొవ్వు బిందువులను చిన్నచిన్న బిందువులుగా విడగొడతాయి, దీన్ని ఎమల్సీకరణం అంటారు. దీనివల్ల కొవ్వు ఉపరితల వైశాల్యం పెరిగి క్లోమరసంలోని లైపేజ్ దానిమీద వేగంగా పనిచేస్తుంది.’

ఒక గ్లాసు నీళ్లలో రెండు చుక్కల నూనె వేసి కలిపి వదిలేయండి. నూనె మళ్లీ పైకి చేరి ఒక్కటవుతుంది. ఇప్పుడు గిన్నెలు కడిగే సబ్బునీరు కొంచెం పోసి కలపండి. నీరు పాలలా తెల్లబడి నూనె విడివిడి తుంపరలుగానే ఉండిపోతుంది. నూనె ఎక్కడికీ పోలేదు, కొవ్వు కొవ్వుగానే ఉంది, ముక్కలు మాత్రం చిన్నవయ్యాయి. పైత్యరసం చేసే పని సరిగ్గా ఇదే. ‘పైత్యరసం కొవ్వును కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది’ అని రాసినవారికి మార్కు పోయేది ఇక్కడే. ఆ మార్పు చేసేది లైపేజ్.

పైత్యరసం క్షార గుణం కలది కనుక జీర్ణాశయంనుంచి వచ్చే ఆమ్లాన్ని తగ్గించడంలో కూడా సాయపడుతుంది. ఒకటే మార్కయితే ఇది రాయనక్కర్లేదు. రెండు మార్కులైతే రాయండి.

‘జీర్ణాశయం తనను తాను ఎందుకు జీర్ణం చేసుకోదు?’ శ్లేష్మం అని ఒక్క మాట రాస్తే సరిపోదా?

సరిపోదు. ప్రశ్న ‘ఎందుకు’ అని అడిగింది. శ్లేష్మం ఏం చేస్తుందో చెప్పాలి. జీర్ణాశయం లోపలి గోడల మీద శ్లేష్మం మందంగా పొరకట్టి, హైడ్రోక్లోరికామ్లం గోడ కణాలను తాకకుండా అడ్డుపడుతుంది. దీనితోపాటు పెప్సిన్ మొదట్లో చురుకుగా ఉండదు. పెప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో విడుదలై, ఆమ్లంతో కలిశాకే పెప్సిన్‌గా మారుతుంది. ఆ రసం తయారుచేసే కణంలోనే అది చురుగ్గా ఉండి ఉంటే ముందు ఆ కణాన్నే తినేసేది. ఈ రెండు విషయాలూ ఉన్న జవాబే పూర్తి జవాబు. మొదటిది మాత్రమే రాసినా నేను ముప్పాతిక వంతు ఇస్తాను.

రెండో బొమ్మలో ఫొటో అంచు తెగిపోయింది. చర్మం, కండరం కనిపించడం లేదు. ఇక 5, 7లలో ఏది జ్ఞాననాడి, ఏది చాలకనాడి అని ఎలా తెలుస్తుంది?

ఈ పేపరులో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఫొటో తీసినవారు తెలియక కత్తిరించేశారు కానీ, నిజానికి కండరమూ చర్మమూ లేకపోయినా జవాబు బొమ్మలోనే ఉంది.

వెన్నుపాము అడ్డుకోతలో నడుమ సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు పదార్థం ఉంటుంది. దాని రెక్కల్లో రెండు సన్నగా ఉండి అంచు దాకా సాగుతాయి. మిగతా రెండు వెడల్పుగా, మొద్దుగా ఉండి అంచుకు కొంచెం దూరంలోనే ఆగిపోతాయి. సన్న రెక్కలున్నది వీపువైపు, మొద్దు రెక్కలున్నది పొట్టవైపు. పొట్టవైపు మధ్యలో లోతైన చీలిక కూడా ఒకటి ఉంటుంది.

వెన్నునాడి వెన్నుపామును చేరేముందు రెండు పాయలుగా చీలుతుంది. వీపువైపు పాయను పృష్ఠమూలం అనీ, పొట్టవైపు పాయను ఉదరమూలం అనీ అంటారు. వాటిలో ఒక పాయ మీద మాత్రమే చిన్న ఉబ్బు ఉంటుంది. అది పృష్ఠమూలం. ఆ ఉబ్బును గాంగ్లియాన్ అంటారు. జ్ఞాననాడుల కణదేహాలన్నీ గుంపుగా అక్కడ ఉంటాయి కాబట్టి ఆ చోటు ఉబ్బుతుంది. జ్ఞాననాడీ కణం బొమ్మ మామూలు నాడీకణంలా ఉండదు. కణదేహం దారికి అడ్డంగా కాకుండా, కాండం పక్కన వేలాడే కాయలా ఒక పక్కకు ఉంటుంది. చాలకనాడి కణదేహం మాత్రం బూడిదరంగు పదార్థం మొద్దు రెక్కలోనే ఉంటుంది. అందుకే దాని పాయ మీద ఏ ఉబ్బూ కనిపించదు.

కనుక ఉబ్బున్న పాయను చూపే 5 జ్ఞాననాడి, ఉబ్బులేని పాయను చూపే 7 చాలకనాడి. ఆ రెంటి మధ్య బూడిదరంగు పదార్థం లోపల చిన్నగా ఉన్న 6 సహసంబంధ నాడి. కొన్ని పుస్తకాల్లో జ్ఞాననాడిని అభివాహి అనీ, చాలకనాడిని అపవాహి అనీ రాస్తారు. ఏ పేరు రాసినా సరే, ఒకే జవాబులో రెండు రకాల పేర్లూ కలగలపకండి.

ఆ రెండు పాయల పని వేరువేరని ఎలా తెలిసింది?

ఇది పరీక్షలో లేదు, కానీ ఇద్దరు పిల్లలు అడిగారు. స్కాట్లండుకు చెందిన చార్లెస్ బెల్ 1811లో ఉదరమూలానికి కదలికతో సంబంధం ఉందని చూపాడు. ఫ్రాన్సులో ఫ్రాంస్వా మజాండీ 1822లో కుక్కపిల్లల మీద ప్రయోగాలు చేశాడు. పృష్ఠమూలాలు కోస్తే ఆ కాలికి స్పర్శ పోయింది, కదలిక ఉంది. ఉదరమూలాలు కోస్తే కదలిక పోయింది. ఆ ప్రయోగాల క్రూరత్వం మీద అప్పట్లోనే పెద్ద గొడవ జరిగింది. ఎవరు ముందు కనిపెట్టారన్న తగాదా తెగక చివరికి ఇద్దరి పేర్లూ కలిపి బెల్–మజాండీ నియమం అన్నారు.

సరిగ్గా ఆ 1822లోనే అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి పొట్టలో తుపాకీ గుండు దిగింది. గాయం మానింది కానీ జీర్ణాశయానికి ఒక రంధ్రం మిగిలిపోయింది. సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ఆ రంధ్రంలోంచి పట్టుదారానికి కట్టిన ఆహారపు ముక్కలను దించి, గంటకొకసారి బయటికి తీసి చూశాడు. 1833లో ఆ పరిశీలనలు పుస్తకంగా వచ్చాయి. అందులో మన రెండు బొమ్మలనూ కలిపే సంగతి ఒకటుంది. సెయింట్ మార్టిన్ కోపంగా ఉన్నప్పుడు జీర్ణక్రియ దెబ్బతింటోందని బ్యూమాంట్ గమనించాడు.

వేడి గిన్నె తగిలి చేయి వెనక్కి తీసుకోవడంలో మెదడు పాత్ర లేదని రాశాను. సార్ సగమే ఇచ్చారు.

ఆయన చేసింది న్యాయమే అనిపిస్తోంది. చేయి లాక్కోమన్న ఆజ్ఞ వెన్నుపామునుంచే వెళ్తుంది, అంతవరకు నిజం. కానీ అదే సమయంలో వెన్నుపాములో పైకి వెళ్లే దారిలో సమాచారం మెదడుకు కూడా పోతుంది. ‘అమ్మో కాలింది’ అని మనకు తెలిసేది అప్పుడే. చేయి ముందు వెనక్కి వచ్చి, మంట తర్వాత తెలియడం మీరు గమనించే ఉంటారు. ‘మెదడు ప్రమేయం లేకుండా చర్య జరుగుతుంది, మెదడుకు సమాచారం మాత్రం అందుతుంది’ అని రాయాలి.

ఈ ప్రశ్నకు జవాబు దారిని వరుసగా చెప్పడమే: చర్మంలోని గ్రాహకం, జ్ఞాననాడి, వెన్నుపాములో సహసంబంధ నాడి, చాలకనాడి, చేతి కండరం. బొమ్మలో పేర్లు సరిగా గుర్తించినవారు దీన్ని చూస్తూనే రాసేయవచ్చు, 5, 6, 7 వరుస అదే. బొమ్మ తప్పు, వాక్యం ఒప్పు ఉన్న పేపర్లు నాలుగు చూశాను. కంఠస్థం చేశారని అర్థం.

మోకాలి కుదుపుకు కూడా ఇదే మూడు నాడుల బొమ్మ గీయవచ్చా?

గీయకూడదు. మోకాలి చిప్ప కింద కొట్టినప్పుడు తొడ కండరం సాగి, అందులోని గ్రాహకం జ్ఞాననాడికి చెబుతుంది. ఆ జ్ఞాననాడి అదే కండరపు చాలకనాడితో నేరుగా కలుస్తుంది. కాలిని తన్నించే ఆ దారిలో సహసంబంధ నాడి లేదు. ఇక్కడ 6వ గీతకు చోటే ఉండదు.

చివరి ప్రశ్న: ‘ఉసిరికాయ పచ్చడి చూడగానే నోరూరుతుంది. ఇది జీర్ణవ్యవస్థ పనా, నాడీ వ్యవస్థ పనా?’

రెండూ. లాలాజలం ఊరేది లాలాజల గ్రంథుల్లో, ఊరమని చెప్పేది నాడులు. మనకు పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు ఉన్నాయి. వాటికి ఆజ్ఞలు స్వయంచోదిత నాడీ వ్యవస్థనుంచి వస్తాయి, మన ఇష్టంతో పని లేదు.

నోట్లో పచ్చడి పెట్టుకుంటే నోరూరడం పుట్టుకతో వచ్చిన ప్రతీకార చర్య. చూసినంతమాత్రాన ఊరడం నేర్చుకున్నది. ఉసిరికాయ ఎన్నడూ తినని మనిషి ముందు జాడీ పెట్టి చూడండి, ఏమీ జరగదు. కుక్కల్లో ఈ తేడాను వివరంగా చూపినవాడు రష్యాకు చెందిన ఇవాన్ పావ్‌లోవ్. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికే. ఆ తర్వాతి ప్రఖ్యాతి నాడుల వైపునుంచి వచ్చింది. ‘నిబంధిత ప్రతీకార చర్య’ అన్న మాట మీ జవాబులో ఉంటే బాగుంటుంది.

ఫొటో మళ్లీ పంపాలంటే ఎలా తీయాలి?

కిటికీ పక్కన, పగటి వెలుతురులో తీయండి. ట్యూబులైటు కింద తీస్తే ఫోను నీడ సరిగ్గా బొమ్మ మీదే పడుతుంది. కాగితాన్ని బల్ల మీద పరిచి, మడత మీద స్కేలు పెట్టి నొక్కి, పైనుంచి నిటారుగా తీయండి. బొమ్మకు నాలుగు అంచులూ ఉండాలి. పెన్సిలు గీతలు మసకగా ఉంటే ఒక్కో బొమ్మకు విడిగా దగ్గరనుంచి ఇంకో ఫొటో తీయండి.

పరీక్ష మొదలయ్యేసరికి మా అమ్మాయికి నోరు ఎండిపోతుందట, కడుపులో తిప్పినట్టుంటుందట. ఇది కూడా పాఠంలోదేనా?

అవును, ఆ పేజీలోదే. భయం వేసినప్పుడు స్వయంచోదిత వ్యవస్థలో సహానుభూత భాగం చురుకవుతుంది. లాలాజలం తగ్గి చిక్కబడుతుంది, జీర్ణాశయం, చిన్నప్రేగుల కదలికలు మందగిస్తాయి, రక్తం కండరాల వైపు మళ్లుతుంది. శాంతించాక సహానుభూత పర భాగం వీటిని వెనక్కి తెస్తుంది. ఆ పనిలో వేగస్ నాడిది, అంటే పదో కపాలనాడిది, పెద్ద పాత్ర. మీ అమ్మాయి ‘నోరెందుకు ఎండింది’ అన్నదానికి ఈ నాలుగు వాక్యాలు రాయగలిగితే రెండు మార్కులు వచ్చినట్టే. పరీక్షకు ముందు రెండు గుక్కల నీళ్లు తాగమనండి.